నెగెటివ్ మీద దుమ్ము, అట్టపెట్టె మీద అంకెలు

1990ల నాటి పెళ్లి ఆల్బమ్ ఏది తిరగేసినా తలంబ్రాల ఫొటో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ ఫొటో నెగెటివ్‌ను స్కానర్‌లో పెట్టి కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూస్తే, పోసిన గింజలకంటే ఎక్కువ గింజలు కనిపిస్తాయి. పెళ్లికొడుకు చెంప మీద రెండు, మండపం వెనక పరదా మీద పది, పురోహితుడి శాలువా మీద ఇంకొన్ని. పసుపు కలిపిన బియ్యమైనా ఫ్లాష్ వెలుగుకు తెల్లగానే మెరుస్తుంది కాబట్టి, వీటిలో ఏవి తలంబ్రాలో, ఏవి పాతికేళ్లుగా బీరువాలో పేరుకున్న దుమ్మో కంటితో తేల్చడం కష్టం.

దుమ్ము తెల్లగా కనిపించడానికి కారణముంది. స్కానర్ ఫిల్మ్‌కు ఒకవైపు నుంచి వెలుగు పంపి, రెండోవైపుకు ఎంత చేరిందో కొలుస్తుంది. ధూళి కణం ఆ వెలుగును అడ్డుకుంటుంది, అక్కడ నల్లచుక్క పడుతుంది. నెగెటివ్‌ను మామూలు బొమ్మగా తిప్పినప్పుడు నలుపు తెలుపవుతుంది. స్లైడ్‌ను తిప్పే పని లేదు కనుక దాని మీది దుమ్ము నల్లగానే ఉండిపోతుంది. స్లైడ్ స్కాన్‌లో తెల్లని గీత కనిపిస్తే అది దుమ్ము కాదు. అక్కడ రంగుల పొరే లేచిపోయిందన్నమాట, ఎంత తుడిచినా పోదు.

స్కానర్‌తో వచ్చే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ‘డస్ట్ రిమూవల్’ అని ఒక మీట ఉంటుంది. చుట్టుపక్కల రంగుతో పొంతన లేని చిన్న చుక్క కనబడితే చాలు, అది దుమ్మేనని చెరిపేయడం దాని పద్ధతి. తలంబ్రాల ఫొటోకు ఇంతకంటే చేటు లేదు. దుమ్ముతో పాటు గింజలూ పోతాయి, జరీ అంచులోని మెరుపులూ పోతాయి.

అసలు మందు ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. రంగుల ఫిల్మ్‌ను ల్యాబ్‌లో కడిగేటప్పుడు అందులోని వెండి అంతా కరిగి పోతుంది, రంగులు మాత్రమే మిగులుతాయి. ఆ రంగుల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ దాదాపు అడ్డులేకుండా దాటిపోతుంది. దుమ్ములోంచి దాటలేదు, గీత తగిలిన చోట పక్కకు చెదిరిపోతుంది. అందుకని స్కానర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలతో పాటు నాలుగోది ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ కూడా తీస్తుంది. అందులో పెళ్లికూతురు ఉండదు, పందిరి ఉండదు, తలంబ్రాలు అసలే ఉండవు. దుమ్మూ గీతలూ మాత్రమే ఉంటాయి. బియ్యపు గింజ ఫిల్మ్‌లో రంగుగా ఉంది, ధూళి ఫిల్మ్ మీద వస్తువుగా ఉంది. ఈ తేడాను యంత్రం పట్టుకుంటుంది. ఆ పటం చూసుకుని దుమ్మున్న చోట్లను మాత్రమే చుట్టుపక్కల రంగుతో పూడుస్తుంది. అమెరికాలోని అప్లైడ్ సైన్స్ ఫిక్షన్ అనే సంస్థ ‘డిజిటల్ ఐస్’ పేరుతో దీన్ని తెచ్చింది, 2003లో కొడాక్ ఆ సంస్థను కొనుక్కుంది. స్కాన్‌కు పట్టే సమయం పెరుగుతుంది కానీ, దుమ్మును ఒక్కో చుక్కగా చేత్తో తుడిచే గంటలతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

అయితే ఈ మందు అన్ని ఫిల్ములకూ పనికిరాదు. మామూలు బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో బొమ్మే వెండితో ఏర్పడుతుంది. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది కాబట్టి స్కానర్ తాతగారి మీసాన్నీ దుమ్ము కిందే జమకట్టి చెరపబోతుంది. జుట్టు, కనుబొమలు, చీర మడతల అంచులు నలిగినట్టు, అలికినట్టు కనిపిస్తే ఆ మీట పొరపాటున వేసి ఉందని అర్థం. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ తయారు చేసిన ‘ఇందు’ బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు ఇంట్లో ఉన్నవారు దాన్ని ఆపేసే స్కాన్ చేయాలి. కొడాక్రోమ్ స్లైడ్లతోనూ పాత స్కానర్లు కొంత ఇబ్బంది పడతాయి. ఇక కోస్తా ఊళ్ల తేమకు ఫిల్మ్‌కు పట్టిన బూజు సంగతి. అది పైన కూర్చున్న దుమ్ము కాదు, జెలటిన్ పొరను తినేస్తుంది. తినేసిన చోట ఇన్‌ఫ్రారెడ్‌కూ చేసేదేమీ లేదు.

యంత్రం ఎలాంటిదైనా ముందు ఫిల్మ్‌ను శుభ్రం చేసుకోవాల్సిందే. మొదటి పని సీలింగ్ ఫ్యాన్ ఆపడం. నెగెటివ్‌ను అంచులతో పట్టుకుని, టేబుల్ లైటు కింద ఏటవాలుగా పెడితే దుమ్ము మెరుస్తుంది. రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టి, మొండికేసిన దాన్ని మెత్తని బ్రష్‌తో తీయాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. తడిగుడ్డ అసలు వద్దు, జెలటిన్ నీటికి నాని మెత్తబడుతుంది, తుడిచే చేతికి బొమ్మే అంటుకొస్తుంది.

ఇప్పుడు అంకెల సంగతి. ఎప్సన్ వి600 వంటి బల్లపరుపు స్కానర్‌కు ఆప్టికల్ రిజల్యూషన్ 6400 డీపీఐ అనీ, ఇంటర్‌పొలేటెడ్ 12800 అనీ రాసి ఉంటుంది. మొదటిది సెన్సర్ లెక్క, అంగుళానికి ఎన్ని చోట్ల వెలుగును కొలుస్తుందో చెబుతుంది. రెండోది సాఫ్ట్‌వేర్ లెక్క. కొలిచిన రెండు చుక్కల మధ్య కొలవని చుక్కలను సగటు కట్టి ఇరికించడమే ఇంటర్‌పొలేషన్. మన 36×24 మిల్లీమీటర్ల నెగెటివ్‌ను 3200 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 41 ఎంబీ ఫైలు వస్తుంది, 12800లో అయితే దాదాపు 660 ఎంబీ. హార్డ్ డిస్క్ నిండుతుంది తప్ప జరీలో ఒక్క పోగు కూడా కొత్తగా కనబడదు.

ఇంతకీ ఆ మొదటి అంకెనైనా పూర్తిగా నమ్మవచ్చా అంటే, అదీ కాదు. సెన్సర్ 6400 చోట్ల కొలిచినా, ముందున్న కటకం అంత సన్నని వివరాన్ని అందించకపోతే అది మసకనే మరింత సన్నగా కొలుస్తుంది. దీన్ని తేల్చడానికి 1951 నాటి అమెరికా వైమానిక దళం చార్ట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని మీద నలుపు తెలుపు గీతలు జంటలుగా, గుంపు గుంపుకూ సన్నబడుతూ ఉంటాయి. స్కాన్‌లో విడివిడిగా కనిపించిన ఆఖరి గుంపులో మిల్లీమీటరుకు 32 జంటలున్నాయనుకుందాం. జంటకు రెండు గీతలు, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. 32×2×25.4 అంటే సుమారు 1626. అంటే 6400 అని చెప్పుకునే యంత్రం నిజంగా చూసింది అంతే. బల్లపరుపు స్కానర్లను ఇలా పరీక్షించినవారికి తరచుగా 1500 నుంచి 2300 మధ్యే తేలుతుంది. ఫిల్మ్ కోసమే చేసిన నికాన్ కూల్‌స్కాన్ 5000 మాత్రం చెప్పిన 4000కు దగ్గరగా వచ్చేది. దాని తయారీ ఆగిపోయింది, ఇప్పుడు పాతది వెతుక్కోవాల్సిందే.

చార్ట్ కొనక్కర్లేని పరీక్ష కూడా ఉంది. ఒకే నెగెటివ్‌ను 2400, 3200, 6400లలో స్కాన్ చేసి, జరీ అంచును మూడింట్లోనూ తెర మీద ఒకే సైజుకు తెచ్చి చూడాలి. పోగులు విడిపోవడం ఎక్కడ ఆగిపోయిందో అక్కడితో ఆ స్కానర్ సత్తా అయిపోయినట్టే. మధ్యలో స్పష్టంగా ఉండి అంచుల్లో మసకబారితే మాత్రం తప్పు స్కానర్‌ది కాకపోవచ్చు, ఫిల్మ్ వంగి ఉంటుంది. కవరులోనే పెట్టి కొన్నాళ్లు బరువైన పుస్తకాల కింద ఉంచితే చాలావరకు సరవుతుంది.

నిజమైన 1600 డీపీఐ మరీ తీసిపారేయాల్సిందేమీ కాదు. దానితో దాదాపు 2270×1510 చుక్కల బొమ్మ వస్తుంది, 5×7 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. అదే తలంబ్రాల ఫొటోను హాల్లో తగిలించడానికి 12×18 సైజులో వేయించాలంటే 5400×3600 కావాలి. ఆ ఒక్క నెగెటివ్‌ను నిజంగా 4000 చూడగల ఫిల్మ్ స్కానర్ ఉన్న చోటికి పంపడం మేలు. మిగతా ఆల్బమ్‌కు ఇంట్లో ఉన్నది చాలు.