అంకణా కలిసింది, కానీ లెక్క తప్పు: ఆ 1,000 రూపాయలు ఎక్కడ పోయాయి?

మొన్న అమలాపురం నుంచి మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టింది. ఇంటర్ సీఈసీ చదువుతోంది. "అన్నయ్యా, అంకణా మొదట కలవలేదు, ఇప్పుడు కలిసింది, ఒకసారి చూడు" అంది. నేను చదివింది బీటెక్, కామర్స్ కాదు. అయినా రెండు వైపులా ఒకే మొత్తం రావాలి అనే చెకింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా అలవాటే కదా, కూర్చుని చూశాను.

లెక్క ఇదండి. అంబాజీపేటలో ఒకాయన 40,000 నగదుతో కొబ్బరికాయల వ్యాపారం పెట్టాడు. 38,600కి కాయలు కొన్నాడు. ఒలుపు కూలి 4,750, రవాణా 2,900, కొట్టు అద్దె 3,000 ఇచ్చాడు. నగదు అమ్మకాలు 27,850. రాజోలు వ్యాపారికి 15,000 సరుకు అరువిచ్చాడు. ఆయన 8,400 కట్టాడు, అందుకు 500 డిస్కౌంట్ ఇచ్చారు. అంటే ఆయన ఇంకా ఇవ్వాల్సింది 6,100.

మా చెల్లికి మొదట డెబిట్ మొత్తం 83,850, క్రెడిట్ మొత్తం 82,850 వచ్చాయి. తేడా 1,000. క్లాసులో చెప్పిన చిట్కా గుర్తొచ్చింది: తేడాని సగం చెయ్, ఆ అంకె అంకణాలో ఉందేమో చూడు. ఒక మొత్తం తప్పు వైపు పడితే, ఉండాల్సిన చోట తగ్గుతుంది, ఉండకూడని చోట పెరుగుతుంది. అందుకే తేడా రెట్టింపు కనిపిస్తుంది. సగం చేస్తే 500. డిస్కౌంట్ 500 ఎదురుగానే ఉంది! దాన్ని తీసి క్రెడిట్‌లో వేసేసింది. రెండు వైపులా 83,350. కలిసిపోయింది.

ఇక్కడే ఆగాలండి. సగం చేస్తే వచ్చిన అంకె అనుమానం మాత్రమే, సాక్ష్యం కాదు. మళ్లీ లెక్క చదవండి: రాజోలు ఆయనకి డిస్కౌంట్ *ఇచ్చారు*. ఇచ్చిన డిస్కౌంట్ మనకి నష్టం, డెబిట్‌లోనే ఉండాలి. వచ్చిన డిస్కౌంట్ అయితేనే క్రెడిట్. అంటే మొదట వేసిందే కరెక్టు, ఆ ఐదొందలకి ఏ పాపమూ తెలీదు.

మరి 1,000 తేడా ఎక్కడిది? రెండో పరీక్ష, 9తో భాగించడం. 4,750ని 4,570 అని అంకెలు తారుమారు చేసి రాస్తే తేడా 180. పక్కపక్క అంకెలు మారితే తేడా ఎప్పుడూ 9తో పోతుంది. మన 1,000 పోదు, కాబట్టి అంకెలు తిరగబడలేదు. ఇక సరిగ్గా 10, 100, 1,000 లాంటి తేడా వస్తే ఎక్కువసార్లు కూడికలో చేతిలో ఉంచుకున్న అంకె తప్పినట్టు. 1,000 అంటే వేల వరసలో ఒకటి ఎక్కువో తక్కువో.

ముందు అంకణా మొత్తాలనే కింద నుంచి పైకి కూడించాను. అవే వచ్చాయి. అయితే తప్పు వెనక ఉంది, ఆవర్జాలో. అన్నిటికంటే ఎక్కువ వరసలు కూడాల్సింది నగదు ఖాతాలోనే, కాబట్టి అక్కడే మొదలుపెట్టాం. వచ్చిన నగదు 76,250, సరిగ్గానే ఉంది. చెల్లింపులు 38,600, 4,750, 2,900, 3,000. వందల వరసలో 6, 7, 9 కలిపితే 22. 2 వేసి 2 చేతిలో ఉంచుకోవాలి. మా చెల్లి 1 ఉంచుకుంది. దాంతో 49,250 రావాల్సింది 48,250 అయ్యింది. చెల్లింపు తగ్గితే చేతిలో నగదు పెరిగినట్టు కనిపిస్తుంది: 27,000కి బదులు 28,000. డెబిట్ వైపు 1,000 ఎక్కువ వచ్చింది అందుకే.

దిద్దాక నగదు 27,000, డిస్కౌంట్ మళ్లీ డెబిట్‌కి. రెండు వైపులా 82,850.

"ఎలాగూ కలిసింది కదా, అంత పట్టింపెందుకు అన్నయ్యా?" అంది. డిస్కౌంట్‌ని అటు జరిపితే 500 ఖర్చు కాస్తా 500 ఆదాయం అయిపోతుంది, లాభం 1,000 ఎక్కువ చూపిస్తుంది. గల్లాపెట్టెలో చూస్తే 27,000, పుస్తకంలో 28,000. ఆ వెయ్యి ఎవరు తీశారని పాపం కొట్లో కుర్రాణ్ణి అడుగుతారు! ఒక తప్పుని ఇంకో తప్పు కప్పేసింది, అంకణాకి ఆ సంగతి తెలీదు.

అది పట్టుకోలేనివి ఇంకా ఉన్నాయి. రవాణా 2,900ని పొరపాటున కూలి ఖాతాలో రాసినా, రాజోలు అరువు అమ్మకం అసలు రాయడమే మర్చిపోయినా మొత్తాలు చక్కగా కలుస్తాయి. కంప్యూటర్‌లో అకౌంట్లు రాసేవాళ్లకి కూడిక తప్పు రాదు కానీ, ఈ రెండూ వస్తాయి. వాటికి మొత్తాలు చూస్తే లాభం లేదు, బిల్లులు ముందు పెట్టుకుని ఒక్కొక్క పద్దూ సరిచూసుకోవాల్సిందే.