డాక్టరుకు ఓపీ చీటీ

మానసిక ఆరోగ్య వారోత్సవాల తొలిరోజు. ఒక బోధనాసుపత్రి సెమినార్ హాల్లో జనరల్ మెడిసిన్ విభాగాధిపతి మైకు అందుకున్నారు. ఎదురుగా హౌస్ సర్జన్లు, పీజీలు, స్టాఫ్ నర్సులు. డిప్రెషన్ లక్షణాలు వాళ్లకు కొత్త కాదు, పరీక్షలో రాసి పాసైనవాళ్లే. అందుకే ఆమె ఆ ఊసెత్తకుండా సూటిగా అడిగారు: "మీకు నిద్ర పట్టకపోతే మన సైకియాట్రీ ఓపీలో సొంత పేరుతో చీటీ రాయించుకుంటారా?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

చీటీ రాసే మనిషి తెలిసినవాడే. లోపల కేస్ షీటు పట్టుకునేది హాస్టల్లో పక్కగది పీజీ. మేడమ్‌కు తెలిస్తే ఐసీయూ డ్యూటీ ఇవ్వరేమో, ప్రాక్టికల్స్‌లో గుర్తుపెట్టుకుంటారేమో అని భయం. దాంతో సొంత వైద్యం మొదలవుతుంది.

పేరు చెప్పకుండా ఆమె ఒక పీజీ సంగతి చెప్పారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఆపై కునుకు లేదు. తనే అల్ప్రజోలం రాసుకున్నాడు. మొదట్లో నిద్ర పట్టింది, కొన్ని వారాలకు ఒక మాత్ర చాలలేదు. సెర్ట్రలిన్ వేసుకుని వారానికే గుణం లేదని మానేశాడు. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని రోగులకు రోజూ చెప్పేవాడే! వాడుకలో పడ్డ అల్ప్రజోలాన్ని ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. అంతా పని అలసటే అనుకున్నారు. తేడా పట్టింది ఒక సీనియర్ సిస్టర్. సెలవు పెట్టి ఇంట్లో నిద్రపోయి వచ్చినా మనిషి తేరుకోలేదు. ఉత్త అలసటైతే విశ్రాంతికి కొంతైనా తగ్గాలి కదా అన్నదామె.

ఈ భయం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి న్యూయార్క్ డాక్టర్ లోర్నా బ్రీన్ పేరు ఎత్తారు. అత్యవసర విభాగాధిపతి అయిన ఆమె కోవిడ్ తొలి ఉద్ధృతిలో కుంగిపోయి, 2020 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకున్నారు. చికిత్స తీసుకున్నట్టు తెలిస్తే లైసెన్సు పోతుందని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. నిజానికి న్యూయార్క్ లైసెన్సు దరఖాస్తులో ఆ ప్రశ్నే లేదు. 2022లో అమెరికా ఆమె పేరిట చట్టం చేసింది.

ఆ తర్వాత మేడమ్ ఇచ్చిన మాటలే ప్రసంగానికి ప్రాణం. సిబ్బందిని బయటి సైకియాట్రిస్టు చూస్తారు, ఆ ఫైలు విభాగానికి రాదు. సెలవు చీటీలో 'అస్వస్థత' అంటే చాలు. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప గోప్యత మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కేనని గుర్తుచేశారు.

డ్యూటీ చార్టు సంగతి మాత్రం ఎత్తలేదు. అదే నాకు లోటనిపించింది. పీజీల పని వారానికి 74 గంటలు మించకూడదని జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో సూచించింది. రాత్రి డ్యూటీ దిగినవాణ్ణి మళ్లీ వార్డుకు పంపుతూ వారోత్సవాలు జరిపితే ఎవరు నమ్ముతారు?

ఎవరికీ తెలియకుండా మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, డాక్టర్లూ చేయొచ్చు.