చెంచా మీది మచ్చ ఎక్కడి నుంచి వచ్చింది?

డిష్‌వాషర్ కొన్న కొత్తలో చెంచాలు తళతళలాడుతూ బయటికొస్తాయి. కొన్ని వారాలు గడిచాక చాకు అంచున, చెంచా గుంటలో గోధుమరంగు చుక్కలు కనిపించడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు మిషన్‌నో, చెంచాల సెట్టునో తిట్టుకుంటారు. నిజానికి ఆ చుక్కల్లో చాలావరకు చెంచాలో పుట్టినవి కావు. బయటి నుంచి వచ్చి, తడి ఆరక అక్కడే అతుక్కున్నవి. మచ్చ ఏ రంగులో ఉంది, ఎక్కడ పడింది అనేవి చూస్తే కారణం తెలిసిపోతుంది.

ముందు రంగు సంగతి. తెల్లగా, గుండ్రంగా ఎండిన చుక్కలు కనిపిస్తే, గాజు గ్లాసుల మీద కూడా అవే ఉంటే, అది నీళ్లలోని సున్నం. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. నీలం, పసుపు కలిసి ఇంద్రధనుస్సులా మెరిసే పొర కనిపిస్తే, అది ఎక్కువగా వేసిన రిన్స్ ఎయిడ్ వల్లో, వేడికి స్టీలు పైపొర కాస్త మందం కావడం వల్లో వచ్చింది. వెనిగర్ అద్దిన బట్టతో తుడిస్తే చాలావరకు పోతుంది, దానివల్ల హాని లేదు. గోధుమరంగు, నారింజరంగు చుక్కలే తుప్పు. వాటి మీద తడి వంటసోడా ముద్ద పెట్టి మెత్తని బట్టతో రుద్దండి. చుక్క పోయి కింద స్టీలు నున్నగా ఉంటే తుప్పు బయటి నుంచి వచ్చినట్టు. గోరు పెట్టి చూస్తే సూదిమొనంత గుంట తగిలితే చెంచా లోహమే తినేసుకుపోయినట్టు. మొదటిది శుభ్రమవుతుంది. రెండోది మళ్లీ పూడదు.

అసలు తుప్పు పట్టని స్టీలుకు తుప్పెందుకు పడుతుంది? 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహ శాస్త్రజ్ఞుడు తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, దాదాపు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కును పోతపోశారు. దాన్ని మొదట వాడుకున్నది కత్తులు, చాకులు తయారుచేసేవాళ్లే. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి స్టీలు మీద కంటికి కనిపించనంత పలుచని పొర కడుతుంది. గీత పడినా, ఆక్సిజన్ అందుతున్నంతకాలం ఆ పొర మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. కాబట్టి స్టీలుకు నీళ్లతో వైరం లేదు. గాలి ఆడకుండా తడి నిలిచిపోవడం, ఆ తడిలో ఉప్పు ఉండటం, ఈ రెండే దానికి పడవు.

అన్ని స్టీళ్లూ ఒకే రకం కావు. మంచి చెంచాల వెనక 18/10 అని ఉంటుంది. అంటే 18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్. 18/0 అంటే నికెల్ లేదు, ఇది తుప్పును కాస్త తక్కువగా తట్టుకుంటుంది. పదును నిలవాలంటే చాకులో కార్బన్ ఎక్కువ ఉండాలి. ఆ కార్బన్ కొంత క్రోమియాన్ని తనవైపు లాగేసుకుంటుంది కనుక, ఒకే సెట్టులో కొన్నా చాకులకే ముందు చుక్కలు పడతాయి. అయస్కాంతం పెట్టి చూస్తే చాకు, 18/0 చెంచా గట్టిగా అతుక్కుంటాయి, 18/10 దాదాపు అతుక్కోదు. అయితే ఈ పరీక్షను మన బజారులో గుడ్డిగా నమ్మడానికి లేదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 200 సిరీస్ స్టీలు కూడా అయస్కాంతానికి అతుక్కోదు, కానీ తుప్పును తట్టుకునే శక్తి దానికి 18/10 అంత ఉండదు. చవగ్గా దొరికే చెంచాల్లో ఈ రకం చాలానే ఉంటుంది.

కూకట్‌పల్లిలో మా పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో ఈ మచ్చల గొడవే వచ్చింది. "ఏమ్మా, సెట్టు మొత్తం మార్చేయాలంటావా?" అని అడిగింది. "ముందు బుట్ట చూద్దాం పిన్నీ" అన్నాను. మిషన్ ఆగిన తర్వాత ఏ చెంచా ఎక్కడుందో అక్కడే ఉంచి ఒక్కొక్కటీ బయటికి తీశాం. మచ్చలు అన్నింటి మీదా లేవు. ఒకే గడిలో కుక్కిన భోజనం చెంచాల మీద, ఒక పండ్ల చాకు మీద మాత్రమే ఉన్నాయి. ఆ గడిలో చెంచాలు ఒకదాని గుంటలో ఒకటి ఒదిగి ఉన్నాయి. వేరుచేసి చూస్తే, రెండూ ఆనుకున్నచోట నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి, ఒకదాని అడుగున ఆవకాయ కారం ఎర్రగా అంటుకుని ఉంది. బయటివైపు రెండూ మెరుస్తూనే ఉన్నాయి.

తుప్పు పుట్టేది సరిగ్గా అలాంటి చోటే. రెండు చెంచాలు ఒదిగిపోయిన సందులోకి నీటి ధార పోదు, గాలి పోదు. లోపల ఉన్న కాస్త నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది, కాపాడే పొర మళ్లీ కట్టుకోలేకపోతుంది. ఊరగాయలోని ఉప్పు ఆ సందులోకి చేరి పొరకు చిల్లు పెడుతుంది. పైగా ఎకో లాంటి పొడవాటి ప్రోగ్రామ్‌లో గిన్నెలు గంటలకొద్దీ వేడి తడిలో ఉంటాయి. తర్వాత రాత్రంతా తలుపు మూసి ఉంచితే ఇంకా కొన్ని గంటల తడి తోడవుతుంది.

అందుకే బుట్ట సర్దడం కేవలం జాగా కోసం చేసే పని కాదు. ఒక్కో గడిలో నాలుగైదుకు మించి పెట్టకుండా, చెంచాల పక్కన ఫోర్కులు, చిన్న స్పూన్లు కలిపి పెట్టాలి. చెంచాల్లో కొన్నింటి పిడి పైకి, కొన్నింటి పిడి కిందికి పెడితే ఒకదానిలో ఒకటి ఒదగవు. చాకులు మాత్రం మొన కిందికి ఉండేలా పెట్టాలి, తీసేటప్పుడు చేతికి గుచ్చుకోకుండా ఉంటుంది. బుట్టకు గళ్ల మూత ఉంటే వాడండి, ఒక్కో చిల్లులో ఒక్కోటే నిలబడుతుంది. పైన పళ్లెం లాంటి ట్రే ఉన్న మిషన్లలో చెంచాలు విడివిడిగా పడుకుంటాయి కనుక ఈ చిక్కు తక్కువ. మన గరిటెలు, అట్లకాడలు బుట్టలో నిలబెడితే పొడవెక్కువై పైకి పొడుచుకొస్తాయి. అవి పైనున్న నీటి రెక్కకు తగిలి తిరగనివ్వవు, లేదా తలుపులోని డిటర్జెంట్ డబ్బా మూత తెరుచుకోకుండా అడ్డం పడతాయి. వాటిని పై అరలో పడుకోబెట్టడమే మేలు.

చాకు మీది చుక్కలు మాత్రం వేరే కథ చెప్పాయి. అవి గుంటలు కావు, రుద్దితే పోయాయి. అంటే ఆ తుప్పు ఎక్కడి నుంచో వచ్చింది. కింది అరలో ఒక కమ్మీ చివర ప్లాస్టిక్ పూత ఊడిపోయి ఎర్రగా తుప్పు కనిపించింది. దానికి తోడు చేత్తో తోమే సింకులో స్టీలు పీచు ఉంది. పీచు తుంపులు గిన్నెలకు అంటుకుని మిషన్‌లోకి వస్తే అక్కడ తుప్పు పట్టి, నీళ్లతోపాటు తిరిగి దొరికిన లోహం మీదల్లా వాలతాయి. ఇనప బాణలి, దోసె పెనం, మర ఊడిన చాకు పిడి చేసే పనీ ఇదే. వాటిని బయటే కడగాలి. పూత ఊడిన కమ్మీకి దాని మీద పూసే ప్రత్యేకమైన రంగో, రబ్బరు తొడుగో దొరుకుతుంది. లేదంటే అర మార్చుకోవాలి.

ఇక డిటర్జెంట్. పిన్ని టాబ్లెట్‌ను తలుపులోని డబ్బాలో కాకుండా చెంచాల బుట్టలో వేస్తోంది. అలా వేస్తే టాబ్లెట్ మొదటి కడుగులోనే కరిగి, ఆ నీళ్లతో పాటే బయటికి పోతుంది. అసలు కడుగుకు డిటర్జెంట్ మిగలదు. పైగా కరగకుండా పొడిగా మిగిలిన ముక్క తడి స్టీలుకు అంటుకుంటే, ఆ గాఢమైన క్షారం, బ్లీచ్ కలిసి అక్కడే నల్లటి మచ్చ పెడతాయి. పౌడర్ వాడేవాళ్లు కూడా డబ్బా నింపేటప్పుడు చెంచాల మీద రాలకుండా చూసుకోవాలి. తెల్లగా రావాలని ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్‌ను మిషన్‌లో అస్సలు పోయకూడదు, స్టీలు పొరను క్లోరైడ్ కొరికినంతగా ఇంకేదీ కొరకదు. మంచి డిష్‌వాషర్ డిటర్జెంట్లలో సిలికేట్లు ఉంటాయి, అవి లోహాన్ని కొంతవరకు కాపాడతాయి. అందుకని చేత్తో తోమే ద్రవాన్ని ఇందులో వాడకూడదు. దాని నురగతో ఉన్న గొడవ సరేసరి, ఆ రక్షణ కూడా ఉండదు.

మోతాదు నీళ్లను బట్టి ఉంటుంది. మంచినీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. బోరు నీళ్లు వాడే ఫ్లాట్లలో ఈ అంకె తేలిగ్గా పైకి పోతుంది. 'ఆల్ ఇన్ వన్' టాబ్లెట్లు మామూలుగా 21 జర్మన్ డిగ్రీల దాకా, అంటే లీటరుకు సుమారు 375 మిల్లీగ్రాముల దాకా పనిచేసేలా తయారవుతాయి. అంతకు మించితే డిష్‌వాషర్ ఉప్పు పోసి, మిషన్‌లో నీటి కాఠిన్యం అంకె సరిచేసుకోవాల్సిందే. లేకపోతే సున్నం పేరుకుని, దాని కింద కూడా తడి, ఉప్పు దాగుతాయి.

అయితే ఆ ఉప్పే తుప్పుకు పెద్ద కారణం అవుతుంది, నింపేటప్పుడు. ఉప్పు గది మిషన్ అడుగున ఉంటుంది. ఉప్పు పోస్తే లోపలి ఉప్పునీళ్లు పొంగి అడుగంతా పరుచుకుంటాయి. వెంటనే ఒక కడుగు నడిపితే అది పోతుంది. రాత్రి నింపి, మిషన్ ఆన్ చేయకుండా వదిలేస్తే ఆ ఉప్పునీళ్లు అడుగు స్టీలునే తినడం మొదలుపెడతాయి, మర్నాడు తిప్పగానే చెంచాలన్నింటికీ తాకుతాయి. మూత బిగుసుకోకపోయినా, రబ్బరు కింద ఉప్పు రవ్వ ఇరుక్కున్నా అదే జరుగుతుంది. అన్ని గడుల్లోని చెంచాలకూ ఒకేసారి చుక్కలు పడితే ముందు చూడాల్సింది ఈ మూతనే. పిన్ని వాళ్లింట్లో చుక్కలు ఒకే గడిలో ఉన్నాయి కనుక ఉప్పు మీద అనుమానం రాలేదు.

పిన్ని చేసిన మార్పులు చిన్నవే. ఊరగాయ, పులుసు అంటిన చెంచాలను వెంటనే నీళ్లతో తొలుస్తుంది. మిషన్ నిండడానికి రెండు రోజులు పడితే మధ్యలో రిన్స్ ప్రోగ్రామ్ వేస్తుంది. టాబ్లెట్ డబ్బాలోనే వేస్తుంది. చెంచాలను కలిపి, తలకిందులు చేసి పెడుతుంది. కడుగు అయిపోగానే తలుపు కాస్త తెరిచి, చాకులను బట్టతో తుడిచేస్తుంది. పాత మచ్చలను వంటసోడా ముద్దతో చెంచా గీతలు ఉన్న వైపే రుద్ది తీసేసింది, కొత్తవి రాలేదు. పండ్ల చాకు అంచున మాత్రం ఒకచోట గుంట మిగిలింది. ఆ గుంటలో ఉప్పు మళ్లీ మళ్లీ నిలుస్తుంది కాబట్టి ఆ చాకును ఇక చేత్తోనే కడగాలి. కొత్తగా కొనేటప్పుడు చెంచా వెనక 18/10 ముద్ర చూసి, చాకు విషయంలో మాత్రం ఏ ముద్ర ఉన్నా తుడిచి ఆరబెట్టే అలవాటు పెట్టుకుంటే సెట్టు మార్చాల్సిన అవసరం చాలాకాలం రాదు.