పొడుగు గ్లాసులో ఎక్కువ పాలు

మా అక్క డీఎస్సీకి ప్రిపేర్ అవుతోంది. దసరా సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి హాల్లో కూర్చుని సైకాలజీ బిట్లు బట్టీ పడుతోంది. "పూర్వ ప్రచాలక దశ, 2 నుంచి 7. మూర్త ప్రచాలక దశ, 7 నుంచి 11..." సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఏడుపు వినిపించింది. అక్క కూతురు చిన్నికి ఐదేళ్ళు, కొడుక్కి ఎనిమిది. అమ్మ ఇద్దరికీ ఒకే కప్పుతో కొలిచి బాదంపాలు పోసింది. కాకపోతే వాడిది సన్నటి పొడుగు గ్లాసు, చిన్నిది వెడల్పాటి పొట్టి గ్లాసు. "అన్నకే ఎక్కువ పోశారు" అని చిన్ని పేచీ. అక్క పుస్తకం పక్కన పెట్టి వెళ్ళి, "నీ కళ్ళముందే కొలిచి పోసింది కదే అమ్మమ్మ, అబద్ధాలాడతావా?" అని వీపు మీద ఒకటి వేసింది.

తర్వాత నేను ఆ పుస్తకం తీసి చూశాను. అక్క వేలు పెట్టి ఉంచిన పేజీలోనే చిన్ని సంగతి ఉంది, పేరు ఒక్కటే లేదు.

ఆ పేజీ జాన్ పియాజే గురించి. స్విట్జర్లాండ్‌లో 1896లో పుట్టాడు. మొదట చదివింది సైకాలజీ కాదు, డాక్టరేట్ నత్తల జాతి జీవుల మీద. తర్వాత పారిస్ వెళ్ళి, పిల్లల తెలివితేటల పరీక్షల మీద పని చేశాడు. ఆయనకి అప్పగించిన పని చాలా బోరింగ్: ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నల్ని అక్కడి పిల్లలకి సరిపోయేలా సిద్ధం చేయడం, ఎవరు ఎన్ని కరెక్ట్ చేశారో లెక్కేయడం. ఆయన దృష్టి మాత్రం తప్పు జవాబుల మీద పడింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకమైన తప్పు చేస్తున్నారు. గుడ్డిగా చెప్తే తప్పులు తలోరకంగా ఉండాలి. అందరూ ఒకేలా తప్పు చెప్తున్నారంటే లోపల వేరే లాజిక్ ఏదో నడుస్తోందన్నమాట. మన ల్యాబ్‌లో ముప్పైమంది ప్రోగ్రాముల్లో ఒకే తప్పు అవుట్‌పుట్ వస్తే కాపీ కొట్టారంటారు. ఇక్కడ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసి కూడా ఉండరు.

దశలు నాలుగు. పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా చేతులతో, నోటితో, కళ్ళతో ప్రపంచాన్ని తెలుసుకోవడం. రెండు నుంచి ఏడు దాకా మాటలు, బొమ్మలు, ఊహలు వస్తాయి కానీ లాజిక్ ఇంకా కుదురుకోదు. ఏడు నుంచి పదకొండు దాకా, ఎదురుగా ఉన్న వస్తువుల గురించి లాజిక్ పని చేస్తుంది. ఆ తర్వాత ఎదురుగా లేనివాటి గురించి, 'ఒకవేళ ఇలా అయితే' అని ఆలోచించడం. బిట్ పేపర్‌కి ఇది చాలు. చిన్ని ఏడుపు అర్థం కావాలంటే మాత్రం రెండో దశకీ మూడో దశకీ మధ్య ఉన్న గీత దగ్గర ఆగాలి. తెలుగు పుస్తకాల్లో దీన్ని 'పదిలపరచుకునే భావన' అంటారు. ఆకారం మారినా పరిమాణం మారదని తెలియడం.

మర్నాడు పొద్దున నేనే ప్రయోగం చేశాను. రెండు ఒకేలాంటి గాజు గ్లాసుల్లో నీళ్ళు పోశాను. "రెండిట్లో సమానంగా ఉన్నాయా?" అని చిన్నినే అడిగాను. అది వంగి చూసి, "దీంట్లో కొంచెం పొయ్యి పిన్నీ" అంది. పోశాను. "ఇప్పుడు సమానం" అంది. ఇది ముఖ్యమైన స్టెప్, సమానం అని ముందు పిల్లలే ఒప్పుకోవాలి. లేకపోతే తర్వాత వచ్చే జవాబుకి అర్థం ఉండదు. అప్పుడు దాని ముందే ఒక గ్లాసులో నీళ్ళు పొడుగు గ్లాసులోకి వంచాను.

"ఇప్పుడు?"

"ఇందులో ఎక్కువ."

"ఎందుకు?"

"చూడు, ఇంత పైకి వచ్చాయి."

మళ్ళీ పాత గ్లాసులోకి వంచితే "సమానం". మళ్ళీ పొడుగు దాంట్లోకి వంచితే "ఎక్కువ". ఇలా నాలుగుసార్లు జరిగింది. నేను ఎదురుచూసింది ఏంటంటే, రెండోసారికో మూడోసారికో దానికి ఎక్కడో తేడా కొడుతుందని. కొట్టలేదు. మనకి వైరుధ్యంలా కనిపించేది దానికి వైరుధ్యమే కాదు. 

పియాజే దీనికి చెప్పే కారణం: ఆ వయసులో చూపు ఒక్క కొలత మీదే నిలబడిపోతుంది. ఎత్తు కనిపిస్తే వెడల్పు లెక్కలోకి రాదు. పైగా పిల్లలు పోయక ముందు ఎలా ఉందో, పోశాక ఎలా ఉందో చూస్తారు కానీ, మధ్యలో జరిగిన పోయడాన్ని తిరగేసి ఆలోచించలేరు. అంటే 'మళ్ళీ వెనక్కి పోస్తే అంతే అవుతాయి' అన్న అడుగు మనసులో వెయ్యలేరు. చేత్తో వెనక్కి పోసి చూపించాను కదా అని నేననుకున్నాను. కళ్ళతో చూడటం వేరు, మనసులో తిరగేయడం వేరు.

చిన్ని వాళ్ళన్న పక్కనే నిలబడి పగలబడి నవ్వాడు. "అవే నీళ్ళు కదే పిచ్చీ, నువ్వేమైనా కలిపావా?" సరే, వీడికి వచ్చేసింది అనుకున్నాను. కానీ 'సమానం' అన్నంత మాత్రాన వచ్చినట్టు కాదు. అందుకే పియాజే ఎప్పుడూ 'ఎందుకు' అని అడిగేవాడు. అర్థమైన పిల్లలు మూడు రకాల కారణాలు చెప్తారు. ఏమీ కలపలేదు, తియ్యలేదు కదా అంటారు. వెనక్కి పోస్తే అంతే వస్తుంది అంటారు. లేదా, ఇది పొడుగే కానీ సన్నం కదా అంటారు. మనవాడు మొదటిది చెప్పాడు. నేను ఊరుకోక, "నిన్న ఇంకో అబ్బాయి పొడుగు దాంట్లోనే ఎక్కువ అన్నాడే?" అని తిప్పి అడిగాను. ఇదీ పియాజే పద్ధతే, ఎదురు వాదన పెట్టి జవాబు గట్టిదో కాదో చూడటం. వాడు కదల్లేదు. "వాడికి తెలీదు" అన్నాడు.

అయితే వాడి గర్వం మధ్యాహ్నానికి దిగిపోయింది. అక్క చపాతీ పిండి కలుపుతుంటే రెండు ఉండలు తీసుకున్నాను. సమానం అని వాడే ఒప్పుకున్నాక ఒకదాన్ని పల్చగా ఒత్తాను. "ఏ దాంట్లో పిండి ఎక్కువ ఉంది?" "రెండిట్లో ఒకటే." "మరి బరువు?" వాడు ఆగాడు. చపాతీని అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇది తేలిక. పల్చగా అయిపోయింది కదా" అన్నాడు.

నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పిండి అంతే ఉంది, బరువు మాత్రం తగ్గింది! పియాజే బృందం చూసిన క్రమం కూడా దాదాపు ఇదే. పదార్థం ఎంతుందన్నది ఏడెనిమిదేళ్ళకి, బరువు తొమ్మిది పదికి, నీళ్ళలో వేస్తే ఎంత చోటు ఆక్రమిస్తుందన్నది పదకొండు పన్నెండుకి తెలుస్తాయి. లాజిక్ ఒకటే అయినా ఒక్కో విషయానికి విడిగా రావాలి. నిజానికి పియాజే సిద్ధాంతానికి ఇదొక ఇబ్బంది. ఏడో పుట్టినరోజుకి స్విచ్ వేసినట్టు దశ మారిపోతే, బరువు దగ్గర రెండేళ్ళు ఎందుకు ఆగుతుంది? ఆయన దీనికి పేరైతే పెట్టాడు కానీ గట్టి కారణం చెప్పలేదనే విమర్శ ఉంది. కాబట్టి అక్క పుస్తకంలో ఉన్నంత పదునైన గీతలు పిల్లల్లో కనిపించవు.

ఇంతకంటే పెద్ద అనుమానం ఇంకొకటి ఉంది. నా ప్రయోగంలో నేను ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాను, పోయక ముందు ఒకసారి, పోశాక ఒకసారి. స్కూల్లో టీచర్ మళ్ళీ అదే ప్రశ్న అడిగితే అర్థం ఏంటి? మొదటి జవాబు తప్పనే కదా! పైగా పిన్ని అంత శ్రద్ధగా నీళ్ళు వంచిందంటే ఏదో మారే ఉండాలి. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు ఈ అనుమానంతోనే మొదటి ప్రశ్న తీసేసి, మార్చాక ఒక్కసారే అడిగారు. ఆరేళ్ళ పిల్లల్లో తప్పులు తగ్గాయి.

అదే రోజుల్లో స్కాట్లాండ్‌లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇంకో తమాషా చేశారు. బిళ్ళల్ని రెండు సమానమైన వరుసల్లో పేర్చి, ఒక వరుసని పెద్దవాళ్ళు జరిపే బదులు 'అల్లరి ఎలుగుబంటి' బొమ్మ దూకి చెదరగొట్టినట్టు చేశారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో, పెద్దవాళ్ళు జరిపినప్పుడు ఆరుగురిలో ఒక్కరే దాదాపుగా 'సమానం' అన్నారు. బొమ్మ చెదరగొట్టినప్పుడు పదిమందిలో ఆరుగురు అన్నారు.

నేనూ చింతగింజలతో చేశాను, ఐదూ ఐదూ. నేను జరిపితే చిన్ని "ఇటు ఎక్కువ" అంది. దాని కుక్కపిల్ల బొమ్మ వచ్చి తోసేస్తే, "ఛీ, పాడు చేసింది" అని గింజలు మళ్ళీ సర్దుతూ, "సమానమే పిన్నీ" అంది. పియాజే పని అయిపోయిందని నాకు భలే సంతోషం వేసింది. తర్వాత ఇంకో సంగతి చదివాను. బొమ్మ నిజంగానే ఒక బిళ్ళ కలిపినా, తీసేసినా కొంతమంది పిల్లలు సమానమే అంటారట. అంటే బొమ్మ గొడవలో పడి వాళ్ళు అసలు బిళ్ళల్నే చూడకపోయి ఉండొచ్చు. మామూలు పద్ధతి పిల్లలకి తెలిసినదాన్ని దాచేస్తే, బొమ్మ పద్ధతి తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించొచ్చు. చిన్ని విషయంలో ఏది నిజమో చూద్దామని మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి బొమ్మ చేత ఒక గింజ మింగించాను. అది వెంటనే కుక్కపిల్ల నోట్లో వేలు పెట్టి, "నా గింజ కక్కు" అంది. అంటే చూస్తూనే ఉంది. అయినా అవి ఐదు గింజలే, లెక్కపెట్టుకునే వీలుంది. పాలని లెక్కపెట్టలేం కదా. గింజల దగ్గర వచ్చింది గ్లాసు దగ్గర ఇంకా రాకపోయుండొచ్చు.

నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే, ఆ రోజు అది అబద్ధమాడలేదు. పొడుగు గ్లాసులో దానికి నిజంగానే ఎక్కువ కనిపించాయి. సమానంగా పోశామని ఎన్నిసార్లు చెప్పినా, దాని దృష్టిలో పోసినప్పుడు సమానమే, గ్లాసులో పడ్డాక కాదు. ఈ మాట అక్కతో అంటే, "బిట్‌గా వస్తే రాసేదాన్నే, ఇంట్లో గుర్తురాలేదే" అంది. సాయంత్రం స్టీలు సామాను గూట్లోంచి ఒకే సైజు గ్లాసులు రెండు తీసి కడిగింది.

ఇక మనవాడు చపాతీ సంగతి వదల్లేదు. ఒత్తినదాన్నీ, ఉండనీ రెండు కవర్లలో వేసుకుని వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్ళి కాటా మీద పెట్టించుకొచ్చాడు. "రెండూ ఒకటే చూపించింది" అన్నాడు ముఖం మాడ్చుకుని. మరి నీకేమనిపిస్తోంది అని అడిగాను.

"ఆ కాటా మంచిది కాదు."