కార్డులో లేని ‘ఫ’ కార్డులోనే దొరికింది

మాఘంలో పెట్టుకున్న ముహూర్తం ఫాల్గుణానికి జరిగింది. అప్పటికే శుభలేఖ తయారై, వాట్సాప్‌లో పంపుకునే బొమ్మగా పెళ్లివారి చేతికి వచ్చేసింది. కొత్త తేదీకి, వారానికి, తిథికి కావలసిన మాటలూ అంకెలూ కార్డులోనే వ్రతం, విందు వివరాల దగ్గర దొరికాయి. సంవత్సరం పేరు మార్చే పని లేదు. ఫాల్గుణం చాంద్రమాన సంవత్సరంలో చివరి నెల, ఉగాది ఆ తర్వాతే కదా. చిక్కు ఒక్కచోటే వచ్చింది. ‘మాఘ’ తీసి ‘ఫాల్గుణ’ పెట్టాలి. కార్డంతా గాలించినా ‘ఫ’ అన్న అక్షరం ఎక్కడా లేదు.

ఆ ఒక్క మాట కొత్తగా టైపు చేసి అతికిస్తే పోదా అనిపిస్తుంది. పోదు. పెళ్లికార్డులు చాలావరకు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో తయారవుతాయి. వాటిలో పదులకొద్దీ రకాలున్నాయి. మన కార్డులో ఉన్నది ఏ రకమో తెలియదు, తెలిసినా ఆ ఫాంటు మన దగ్గర ఉండదు. ఫోనులోని మామూలు తెలుగు ఫాంటుతో టైపు చేస్తే గీత లావు, పొట్ట గుండ్రదనం, తలకట్టు వాలు అన్నీ వేరుగా ఉంటాయి. ముహూర్తం వరుసలో ఆ మాట ఒక్కటే పరాయిదిగా నిలబడుతుంది. అందుకని అక్షరాన్ని బయటినుంచి తేకుండా, అదే బొమ్మలోని ముక్కలతో కట్టడం మేలు.

ముక్కలు ఎక్కడ ఉన్నాయి

తెలుగు లిపి ఇందుకు బాగా వీలిస్తుంది. మన అక్షరాల్లో చాలావాటికి ఒక ఒడలు, దానిపైన తలకట్టో గుణింతపు గుర్తో, కిందో పక్కనో వత్తు ఉంటాయి. ‘ప’కు కింద చిన్న గీత దించితే ‘ఫ’. ‘చ’కు దించితే ‘ఛ’, ‘డ’కు దించితే ‘ఢ’, ‘ద’కు దించితే ‘ధ’. ఆ ‘ధ’ నడుమ చుక్క పెడితే ‘థ’. ‘దశరధ’ అని తప్పు పడిన కార్డును ‘చి.’ పక్కనున్న చుక్కతో ‘దశరథ’గా దిద్దుకోవచ్చు.

కార్డు తయారైన తీరు కూడా మనకు కలిసివస్తుంది. యూనికోడ్‌కు ముందు తరం ఫాంటులో మొత్తం 256 గడులే ఉండేవి. తెలుగు గుణింతాలు, సంయుక్తాక్షరాలు అన్నీ విడివిడిగా వాటిలో పట్టవు. అందుకే అక్షరాల ఒడళ్లు, గుణింతపు గుర్తులు, వత్తులు ముక్కలుగా పెట్టి, టైపు చేసేటప్పుడు పక్కపక్కన చేర్చేవారు. ఇలాంటి ఫాంటుతో కూర్చిన కార్డులో, ఒకే సైజు వరుసల్లో ఒకే వత్తు ఎన్నిసార్లు పడినా అచ్చం ఒకే ఆకారంలో ఉంటుంది. మనం చేయబోయేది ఆ కూర్పునే చేత్తో మళ్లీ చేయడం.

‘ఫాల్గుణ’ను విడదీసి చూద్దాం. ‘ఫా’కు కావలసింది ‘పా’, దాని కింద గీత. ‘ల్గు’కు కావలసింది ‘లు’, దాని కింద గ వత్తు. చివర ‘ణ’. ఇక ఆహ్వాన వాక్యం చదివితే ‘వధూవరులు’ అని ఉంది, ‘పాల్గొని’ అని ఉంది, ‘కల్యాణ’ అనీ ఉంది. ‘పాల్గొని’లోంచి ‘పా’తో పాటు గ వత్తు కూడా వస్తుంది. ‘వధూవరులు’లోని ‘ధూ’ అడుగు గీతను ఇస్తుంది, చివరి ‘లు’ అలాగే పనికొస్తుంది. ‘కల్యాణ’ ‘ణ’ను ఇస్తుంది. మూడు మాటలతో మొత్తం పదం సమకూరింది.

ఈ వెతుకులాటలో ఒక నియమం తప్పకూడదు. ముక్కలు అతికించబోయే వరుస సైజులోనే ఉండాలి. వధూవరుల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి కాబట్టి వాటిలోని ‘ప’ శుభ్రంగా కనిపించి ఆశపెడుతుంది. దాన్ని సగానికి కుదిస్తే గీత కూడా సగానికి సన్నబడి, పక్క అక్షరాల ముందు వెలవెలబోతుంది. ఈ కార్డులో ఆహ్వాన వాక్యం, ముహూర్తం వరుస ఒకే సైజు కావడం కలిసివచ్చింది.

కోత, అతుకు

ముందుగా మంచి ప్రతి సంపాదించాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మ కుదించుకుపోయి వస్తుంది. డాక్యుమెంటుగా పంపమంటే అసలు ఫైలే వస్తుంది. జేపెగ్ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా చేసి కుదిస్తుంది కాబట్టి అక్షరాల అంచుల చుట్టూ మసక మచ్చలు మిగులుతాయి. దాచిన ప్రతిసారీ అవి పెరగవచ్చు. అందుకే పని ముగిసేదాకా సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుగానే దాచుకుని, జేపెగ్ చివర ఒక్కసారే చేయాలి. ఫొటోషాప్ లేకపోతే ఉచితంగా దొరికే జింప్ చాలు.

‘మాఘ’ను చెరిపేందుకు, రెండు వరుసల మధ్య ఖాళీ కాగితం రంగును నకలు తీసి దానిమీద కప్పుతారు. రంగు ఎడమనుంచి కుడికి మారే కార్డయితే ఆ ముక్కను సరిగ్గా పైనుంచో కిందనుంచో తీసుకోవాలి. పక్కనుంచి తెస్తే మరక తెలిసిపోతుంది.

తర్వాత ‘పా’ను కత్తిరించాలి. అంచు వెంబడి గట్టిగా కోయకూడదు. అక్షరం అంచున సిరా రంగు, కాగితం రంగు కలిసిన పిక్సెళ్లు ఉంటాయి, కంటికి నునుపు కనిపించేది వాటివల్లే. చుట్టూ రెండు మూడు పిక్సెళ్ల కాగితం మిగిల్చి తీస్తే ఆ నునుపు చెడదు. మరి ఆ కాగితపు ముక్క కొత్తచోట పెట్టెలా కనబడదా అంటే, దానికి లేయర్ కలిసే పద్ధతిని మార్చాలి.

చాలామంది ఇక్కడ `Multiply` ఎంచుకుంటారు. అది పైపిక్సెల్‌నూ కిందిపిక్సెల్‌నూ గుణించి 255తో భాగిస్తుంది. మీగడరంగు కాగితంలో నీలం విలువ 215 అనుకోండి. దానిమీద అదే కాగితం పడితే 181కి దిగిపోతుంది, అక్షరం చుట్టూ పసుపు పెట్టె తేలుతుంది. ఎరుపు విలువ 120 ఉన్న కుంకుమరంగు గీతమీద గీత పడ్డచోట ఆ విలువ 56కు పడిపోతుంది, అతుకు దగ్గర నల్లటి మచ్చ మిగులుతుంది. ఈ పనికి సరైనది `Darken only`, ఫొటోషాప్‌లో `Darken`. ఇది గుణించదు. రెండు విలువల్లో ఏది తక్కువో దాన్నే ఉంచుతుంది. కాగితంమీద కాగితం పడితే కాగితమే, సిరామీద సిరా పడితే అదే సిరా. ముక్క కొద్దిగా ముదురు కాగితంమీదినుంచి వచ్చి లీలగా పెట్టె కనిపిస్తే, ఆ లేయర్‌ను మాత్రం `Levels`తో ఒక పిసరు తేలిక చేస్తే మాయమవుతుంది.

ఇక గీత. ‘ధూ’ అడుగునుంచి గీతను మాత్రమే కోస్తే పైకొస మొండిగా తెగి, ‘పా’ పొట్టకు అతకదు. పొట్ట అడుగు వంపులో రెండు మూడు పిక్సెళ్లు కలిపి కోసి, ఆ వంపు ‘పా’ వంపులో మునిగేలా దించాలి. `Darken only` ఉంది కాబట్టి ఒకదానిమీద ఒకటి పడ్డా మచ్చ రాదు. బయటికి పొడుచుకొచ్చిన పిక్సెళ్లను రబ్బరుతో తుడిచేస్తే సరిపోతుంది. గీత పొట్టకు ఏ చోట దిగాలో ఊహించనక్కర లేదు. మండలి, రామభద్ర, పెద్దన వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లలో మన కార్డు తీరుకు దగ్గరగా ఉన్నదానిలో ‘ఫా’ టైపు చేసి పక్కన పెట్టుకుని, ఆ చోటు చూసుకోవచ్చు. అక్కడినుంచి చోటు మాత్రమే తీసుకోవాలి, ఆకారం మన కార్డుదే.

‘ల్గు’కూ కొలత కార్డే ఇస్తుంది. ‘పాల్గొని’లో ‘ల’ అడుగునుంచి గ వత్తు ఎంత కిందికి, ఎంత పక్కకు ఉందో పిక్సెళ్లలో లెక్కబెట్టి, ‘లు’ కింద అంతే దూరంలో పెట్టాలి. ముక్కలను జరిపేటప్పుడు బాణం మీటతో పూర్తి పిక్సెళ్ల చొప్పున జరపాలి. తిప్పినా, సాగదీసినా అంచులు మసకబారి, ఆ అక్షరం పక్కవాటికంటే అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది.

వరుసలో కుదురు

మాట కట్టడం అయ్యాక అది వరుసలో ఇమడాలి. గుండ్రటి అక్షరాల అడుగు అన్నీ ఒకే గీతమీద నిలవవు. కొన్ని ఒకటి రెండు పిక్సెళ్లు కిందికి దిగుతాయి. అందుకే ‘లు’ అసలు చోట పక్కనున్న ‘రు’కు ఎంత ఎత్తులో ఉందో చూసి, కొత్త వరుసలోనూ అదే తేడా ఉంచాలి. అన్నిటినీ ఒకే గీతకు బలవంతంగా ఆనిస్తే వరుస ఎగుడుదిగుడుగా కనబడుతుంది.

‘మాఘ’ రెండక్షరాలు, ‘ఫాల్గుణ’ మూడు. మధ్యకు అమర్చిన వరుస కాబట్టి పెరిగిన వెడల్పులో సగం ఎడమకు, సగం కుడికి పంచి మిగతా మాటలను జరపాలి. ఒకే పక్కకు తోస్తే వరుస నడుము తప్పుతుంది. ‘మాఘ’ కింద వత్తు లేదు. ఇప్పుడు గ వత్తు వచ్చింది, అది కిందివరుసలోని గుడినో తలకట్టునో తాకవచ్చు. తాకితే ఆ కిందివరుసనుంచి మిగిలిన భాగమంతా ఒకే ముక్కగా కొంచెం కిందికి దించాలి. వత్తును పైకి తోసి ‘లు’కు అంటించడం పొరపాటు. చదివేవారికి అది వేరే అక్షరంలా తోస్తుంది.

కుదిరిందో లేదో చూసుకోవడానికి బొమ్మను తలకిందులు చేయాలి. మాట చదవడానికి వీలుకాక, కన్ను గీతల లావును, ఖాళీలను మాత్రమే పోల్చుకుంటుంది. అక్కడ ‘ఫా’ గీత మిగతావాటికంటే ముదురుగానో మసకగానో ఉంటే వెంటనే బయటపడుతుంది. ఆ తర్వాత నిటారుగా పెట్టి, ఫోనులో కనిపించే సైజులో చదవాలి. ఈ పనిలో ఎక్కువగా జరిగే తప్పు అక్షరదోషమే. గీత చిన్నదై కనబడకపోతే ‘ఫాల్గుణ’ కాస్తా ‘పాల్గుణ’ అవుతుంది.

ఎక్కడ ఆగాలి

అన్ని అక్షరాలూ ఇలా కట్టుకోవడం కుదరదు. ‘ఇందిర’ అని పేరు చేర్చాల్సి వచ్చి కార్డులో ‘ఇ’ లేకపోతే, ఆ వంపులు ఇచ్చే అక్షరం మరొకటి లేదు. బంగారు మెరుపుతో, ఉబ్బెత్తుగా తీర్చిన పేర్లలోనూ ఈ పద్ధతి తేలిపోతుంది. ఒకచోట ఎడమన మెరిసిన గీతను మరోచోట కుడివైపు పెడితే వెలుగు దిక్కు తప్పుతుంది. ఏ మెరుపూ లేని, ఒకే రంగు వరుసలే దీనికి అనువు.

సరిచేసిన బొమ్మ ఫోనుల్లో పంపుకోవడానికే. 5×7 అంగుళాల కార్డు అచ్చుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 1500×2100 పిక్సెళ్లు కావాలి. అంతకు తక్కువ బొమ్మను సాగదీసి అచ్చువేస్తే అక్షరాల అంచులన్నీ అలుక్కుపోతాయి. అచ్చు కార్డులు కూడా కావాలంటే ఈ బొమ్మను ప్రెస్సువారికి నమూనాగా చూపి, అసలు ఫైలులోనే మాట మార్పించుకోవాలి. అప్పుడు కూడా ప్రూఫు చేతికి రాగానే ‘ఫా’ కింద గీత పడిందో లేదో ముందు చూసుకోండి.