గురుద్వారాలో వినిపించే మాటలు

సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ కోవెల మనవాళ్ళందరికీ పరిచయమే. అదే రోడ్డు వెంట ఇంకొంత దూరం వెళితే, టౌనర్ రోడ్డు కలిసే చోట సెంట్రల్ సిక్కు టెంపుల్ కనిపిస్తుంది. 1912లో క్వీన్ స్ట్రీట్‌లో వెలసిన ఈ గురుద్వారా 1986 నుంచి ఇక్కడ ఉంటోంది. ఏ మతం వారైనా లోపలికి వెళ్ళవచ్చు. మొదటిసారి వెళ్ళే తెలుగువారికి ఒక చిక్కు ఉంది. అక్కడి పంజాబీ మాటలు మన మాటల్లాగే వినిపిస్తాయి గాని, అర్థాలు కాస్త వేరు.

చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని హాలులోకి వెళ్ళాలి. గుడ్డ లేకపోతే గుమ్మం దగ్గరే దొరుకుతుంది. లోపల విగ్రహం ఉండదు. ఎత్తయిన పీఠం మీద గురు గ్రంథ సాహిబ్ ఉంటుంది. సిక్కులకు గురువు ఆ గ్రంథమే. నమస్కరించి, గ్రంథం వైపు కాళ్ళు చాపకుండా నేల మీద కూర్చోవాలి. అలా గురువు ఎదుట కూడిన జనమే ‘సంగత్’. మన గుళ్ళలోలాగ దర్శనం చేసుకుని వెళ్ళిపోవడం కాదు, నలుగురితో కూర్చుని కీర్తన వినడం ఇక్కడ ముఖ్యం. కూర్చున్న మీరు కూడా సంగత్‌లోని వారే.

తరువాత భోజనం. వంటశాలకూ, అక్కడి భోజనానికీ కూడా ‘లంగర్’ అనే పేరు. దీన్ని మన అన్నదానం అనుకోవడం సహజం. కాని దానమంటే ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకునేవారు మరొకరు. లంగర్‌లో ఆ తేడా లేదు. వరుసను ‘పంగత్’ అంటారు. మన పంక్తి అన్న మాటే. మన ఊళ్ళలో ఒకప్పుడు ఏ కులం పంక్తి ఆ కులానిదే. ఆ భేదం పోగొట్టడానికే 16వ శతాబ్దంలో మూడవ గురువు అమర్‌దాస్, తన దర్శనానికి వచ్చేవారు ముందుగా అందరితో కలిసి పంగత్‌లో భోంచేయాలని నియమం పెట్టారని చెబుతారు. ఎవరికీ అభ్యంతరం రాకుండా లంగర్‌లో శాకాహారమే వండుతారు.

వడ్డించేవారు ‘పర్షాదా’ అంటూ వస్తే మిఠాయి అనుకోకండి, అది రొట్టె. హాలులో పెట్టే గోధుమపిండి, నెయ్యి, పంచదారల హల్వాను ‘కడా ప్రసాద్’ అంటారు. రెండింటినీ దోసిలి పట్టి అందుకోవాలి. మన అలవాటు ప్రకారం కుడిచేయి ఒక్కటే చాస్తే, చాలామంది రెండో చేయి కూడా కలిపేదాకా ఆగుతారు. కావలసినంతే పెట్టించుకోవాలి. పళ్ళెంలో వదిలేయడం మర్యాద కాదు.

ఇక ‘సేవ’. తిరుమలలో సేవ అంటే టిక్కెట్టు కొనుక్కుని చూసేది. ఇక్కడ సేవ అంటే ఒంటితో చేసే పని: పిండి కలపడం, కూరలు తరగడం, చెప్పులు సర్దడం, గిన్నెలు తోమడం. ఊరికే తినడానికి మొహమాటపడి భోజనం ఖరీదు ఎంతని అడగవద్దు. లంగర్‌కు వెల లేదు. ఇవ్వదలిస్తే గ్రంథం ముందున్న పెట్టెలో వేయవచ్చు. పిండి, పప్పు, పాలు తెచ్చి ఇవ్వవచ్చు. లేదా మీ పళ్ళెం తీసుకువెళ్ళి, గిన్నెలు తోమేవారి పక్కన చోటు అడగండి. మీరెవరో అడగకుండానే కాస్త జరుగుతారు.