ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే

ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టిన స్టార్టప్ నుంచి ఒకరు తప్పుకోవాలనుకుంటే, చాలాసార్లు పని ఒక ఈమెయిల్‌తో ముగుస్తుంది. ‘ఈ నెలాఖరు నుంచి డైరెక్టర్‌గా తప్పుకుంటున్నాను’ అని ఒకరు రాస్తారు, ‘సరే’ అని రెండోవారు జవాబిస్తారు. ఆ మెయిల్‌తో పోయేది పదవి ఒక్కటే. ఆమె పేరున ఉన్న షేర్లు ఆమెవే. ఆమె రాసిన ప్రోగ్రాం కూడా చట్టం దృష్టిలో ఆమెదే కావచ్చు. రెండేళ్ల తర్వాత పెట్టుబడి పెడతామని ఒకరు వస్తారు. వాళ్ల లాయరు మొదట అడిగేది ఈ కాగితాలే. అప్పటికి ఆమె ఇంకెక్కడో ఉద్యోగంలో ఉంటుంది. ఇవాళ స్నేహంగా పెట్టే సంతకానికి ఆ రోజు ధర పలుకుతుంది.

అందుకే విడిపోయేటప్పుడు ఇద్దరూ, కంపెనీ తరఫున కూడా, సంతకం చేసే ఒక ఒప్పంద లేఖ కావాలి. అందులో పదవి, షేర్లు, మేధోసంపత్తి, బయటి ప్రకటన అనే నాలుగు విషయాలు ఉండాలి. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ల యాప్ తయారు చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. ప్రోగ్రాం రాసేది ఆమె, డాక్టర్ల చుట్టూ తిరిగి అమ్మేది అతను. పది రూపాయల ముఖవిలువతో పదివేల షేర్లు, చెరో ఐదువేలు. కంపెనీ పెట్టిన ముప్ఫై నెలలకు ఆమె వెళ్లిపోతోంది.

ముందు మూడో మనిషి, తర్వాత రాజీనామా

మన కంపెనీల చట్టం, 2013 ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు ఉండాలి. డైరెక్టరు రాజీనామా కంపెనీకి అందిన రోజున గానీ, లేఖలో రాసిన తేదీన గానీ, రెండింటిలో ఏది తర్వాతదైతే ఆ రోజున అమల్లోకి వస్తుంది. ఎవరూ ఆమోదించనక్కర్లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆమె మెయిల్ అందిన క్షణంలో బోర్డులో మిగిలేది ఒక్కడే. బోర్డు సమావేశానికి కనీసం ఇద్దరు కావాలి. ఒంటరిగా మిగిలిన డైరెక్టరు ఇంకో డైరెక్టరును తీసుకోవడానికో, వాటాదారుల సమావేశం పిలవడానికో తప్ప వేరే నిర్ణయాలు చేయలేడు. ఆమె షేర్ల బదిలీని నమోదు చేయడానికి కూడా బోర్డు కావాలి.

కాబట్టి వరస తిరగేయాలి. కొత్త డైరెక్టరుగా ఎవరు వస్తారో ముందు తేల్చుకోవాలి. అతని అమ్మ కావచ్చు, నమ్మకమైన పాత ఉద్యోగి కావచ్చు. వాళ్లకు డైరెక్టరు గుర్తింపు సంఖ్య, డిజిటల్ సంతకం తీసుకుని, ఆమె ఇంకా బోర్డులో ఉండగానే నియమించాలి. ఆ తర్వాతి తేదీ వేసి ఆమె రాజీనామా ఇవ్వాలి. లేఖలో మొదటి అంశం ఇలా ఉండవచ్చు:

‘కొత్త డైరెక్టరు నియామకం పూర్తయిన మరుసటి రోజు నుంచి నేను డైరెక్టరు పదవికి, సాంకేతిక విభాగాధిపతి బాధ్యతకు రాజీనామా చేస్తున్నాను. ఆ నియామకాన్ని పదిహేను రోజుల్లో పూర్తి చేసే బాధ్యత కంపెనీది. నా తప్పుకోలును కంపెనీ ముప్ఫై రోజుల్లోగా రిజిస్ట్రార్‌కు తెలియజేస్తుంది.’

ఆ తెలియజేయడం డీఐఆర్-12 అనే ఫారంతో జరుగుతుంది. కంపెనీ అశ్రద్ధ చేస్తే, డీఐఆర్-11 అనే ఫారంతో ఆమె స్వయంగా కూడా తెలియజేసుకోవచ్చు. ఈ జాగ్రత్త ఆమె కోసమే. తన హయాంలో జరిగిన తప్పులకు వెళ్లిపోయాక కూడా ఆమె జవాబుదారే. కానీ రికార్డులో పేరు మిగిలిపోతే తర్వాతి తప్పులకూ నోటీసులు ఆమె ఇంటికే వస్తాయి. బ్యాంకు అప్పుకు ఆమె వ్యక్తిగత హామీ ఇచ్చి ఉంటే రాజీనామాతో అది రద్దు కాదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేసేదాకా అది ఆమె మెడకే ఉంటుంది.

ముప్ఫై ఒక శాతం బరువు

షేర్ల దగ్గరే ఎక్కువ మనస్పర్థలు. మొదట్లో ఇద్దరూ వ్యవస్థాపకుల ఒప్పందం రాసుకుని ఉంటే, అందులో ‘వెస్టింగ్’ అనే షరతు ఉంటుంది. షేర్లు మొదటి రోజే పేరున ఉన్నా, పనిచేసిన కాలాన్ని బట్టి అవి సొంతమవుతాయి. నాలుగేళ్ల వ్యవధి, మొదటి ఏడాదిలోపు వెళ్లిపోతే ఏమీ మిగలదు అనేది వాడుకలో ఉన్న పద్ధతి. మన ఉదాహరణలో నలభై ఎనిమిది నెలలకు ముప్ఫై నెలలు గడిచాయి. ఐదువేలలో ఆమె సంపాదించుకున్నవి 3,125. మిగతా 1,875 షేర్లను ముఖవిలువకే అతనికి ఇవ్వాలి. అంటే 18,750 రూపాయలు. అసలు ఒప్పందమే లేకపోతే ఐదువేలూ ఆమెవే. మాట్లాడుకుని ఒప్పించుకోవడం తప్ప అతనికి దారి లేదు.

లెక్క ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆమె దగ్గర మిగిలినది 31.25 శాతం. కంపెనీ నియమావళి మార్చాలన్నా, కొత్త పెట్టుబడిదారుకు షేర్లు జారీ చేయాలన్నా ప్రత్యేక తీర్మానం కావాలి. దానికి అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లుండాలి. అంటే పనిలో లేని మనిషి ఒక్క ‘కాదు’తో కంపెనీని ఆపేయగలదు. ఆమెకు ఆ ఉద్దేశం లేకపోయినా పెట్టుబడిదారు దాన్ని ప్రమాదంగానే చూస్తాడు. ఈ కారణంతో ఇద్దరూ ఇంకో మెట్టు దిగుతారు. ఆమె మరో 1,125 షేర్లను అతనికి రెండు వందల చొప్పున 2,25,000 రూపాయలకు అమ్ముతుంది. ఆమెకు రెండువేలు, అంటే ఇరవై శాతం ఉంటుంది. అతనికి ఎనభై. ఆమె ప్రతిఫలం ఆమెకు మిగిలింది, అడ్డుకునే శక్తి మాత్రం పోయింది.

అయినా ఒక చిన్న చిక్కు ఉంది. వాటాదారుల సమావేశానికి ఇద్దరు సభ్యులు స్వయంగా రావాలి. ఉన్నదే ఇద్దరైతే, ఆమె రాకపోతే సమావేశమే కుదరదు. అతను తన షేర్లలో ఒకటి అమ్మ పేరునో, భార్య పేరునో బదిలీ చేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. ఆమె తన షేర్లన్నీ అమ్మేసే పక్షంలో ఈ రెండో సభ్యుడు తప్పనిసరి. ఒకే వాటాదారుతో ఆరు నెలలు దాటి కంపెనీ నడిస్తే, ఆ తర్వాత చేసిన అప్పులకు అతను సొంతంగా బాధ్యుడవుతాడు.

ధర విషయంలో ఆదాయపు పన్ను చట్టాన్ని మరిచిపోకూడదు. లిస్టు కాని షేర్లకు పన్ను కోసం ఒక న్యాయమైన విలువ కడతారు. అది ముఖ్యంగా కంపెనీ పుస్తకాల్లోని ఆస్తిపాస్తులను బట్టి వస్తుంది. ఆ విలువ షేరుకు అరవై రూపాయలనుకుందాం. పదికి కొన్న 1,875 షేర్ల మీద తేడా 93,750 రూపాయలు. తేడా యాభై వేలు దాటితే మొత్తం తేడాను కొన్నవాడి ఆదాయంగా లెక్కిస్తారు. అమ్మినామెకూ పన్ను ఆ విలువ మీదే లెక్కకు వస్తుంది. సంతకాల తర్వాత కాదు, ముందే ఆడిటరుతో విలువ కట్టించుకోవాలి.

బదిలీకి ఎస్‌హెచ్-4 అనే ఫారం ఉంది. దాని మీద ధరలో 0.015 శాతం స్టాంపు డ్యూటీ కట్టి, అరవై రోజుల్లోగా కంపెనీకి అందజేయాలి. షేర్లు డీమ్యాట్‌లో ఉంటే బదిలీ అక్కడే జరుగుతుంది. లేఖలో మాత్రం ఎన్ని షేర్లు, ఏ ధరకు, డబ్బు ఏ తేదీకి, ఆలస్యమైతే ఏమిటి అనేవి అంకెల్లో ఉండాలి. మిగిలిన రెండువేల షేర్ల గురించి కూడా ఒక వాక్యం కావాలి: ఆమె అమ్మాలనుకుంటే ముందుగా అతన్ని అడగాలి, కంపెనీ మొత్తం అమ్ముడైతే అదే ధరకు ఆమె కూడా అమ్మాలి.

ప్రోగ్రాం ఎవరిది?

‘నేను కంపెనీ కోసమే రాశాను కదా, అది కంపెనీదే’ అని ఇద్దరూ అనుకుంటారు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసినది యజమానిదే. కానీ ఆమెకు ఉద్యోగ నియామక పత్రం ఉందా? చాలామంది వ్యవస్థాపకులు జీతం కూడా లేకుండా డైరెక్టర్లుగానే పనిచేస్తారు. పైగా యాప్ మొదటి రూపాన్ని ఆమె కంపెనీ రిజిస్టరు కాకముందే రాసి ఉంటుంది. అప్పటికి యజమాని అనదగిన కంపెనీయే లేదు.

అందుకే హక్కుల బదిలీ పత్రం విడిగా రాయాలి. ‘నా హక్కులన్నీ కంపెనీకి ఇస్తున్నాను’ అంటే చాలదు. ఎంతకాలానికో రాయకపోతే బదిలీ ఐదేళ్లకే చెల్లుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. హక్కు పొందినవారు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే ఆ మేరకు బదిలీ రద్దవుతుందన్న నిబంధన కూడా ఉంది. కాబట్టి లేఖలో వాక్యం ఇలా ఉండాలి:

‘కంపెనీ ఏర్పడక ముందు, తర్వాత నేను రాసిన, అనుబంధంలో పేర్కొన్న ప్రోగ్రాములు, డిజైన్ల కాపీరైట్‌ను దాని పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, అనుబంధంలో చూపిన ప్రతిఫలానికి కంపెనీకి బదిలీ చేస్తున్నాను. ఏడాదిలోపు వాడకపోయినా ఈ బదిలీ చెల్లుతుంది.’

అనుబంధంలో రెండు జాబితాలు ఉండాలి. ఒకటి కంపెనీకి వెళ్లేవి: కోడ్ భద్రపరచిన ఖాతా, ఆమె పేరున కొన్న వెబ్ డొమైన్, క్లౌడ్ ఖాతా, యాప్ కొత్త వెర్షన్లు విడుదల చేయడానికి కావాల్సిన సంతకపు తాళం, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు. వీటిలో చాలావాటికి ఓటీపీ ఆమె సొంత ఫోన్‌కే వస్తుంది. ఆ నంబరు మార్చకపోతే కాగితం చేతిలో ఉన్నా తలుపు తెరుచుకోదు. రెండోది ఆమె దగ్గరే ఉండేవి: కంపెనీకి ముందు నుంచీ ఆమె సొంతంగా రాసుకున్న పనిముట్లు. యాప్‌లో అవి వాడుతుంటే, శాశ్వతంగా వాడుకునే అనుమతి కంపెనీకి ఇస్తే చాలు.

ఇక్కడే ‘మూడేళ్ల దాకా ఇలాంటి వ్యాపారం చేయకూడదు’ అన్న షరతు చాలామంది చేరుస్తారు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ కింద, వెళ్లిపోయాక పనిచేయకుండా ఆపే షరతు సాధారణంగా చెల్లదు. వ్యాపారపు గుడ్‌విల్ అమ్మినప్పుడు మాత్రమే సహేతుకమైన మినహాయింపు ఉంది. డాక్టర్ల జాబితా, ధరల వివరాలు బయటపెట్టకూడదన్న గోప్యతా షరతు మాత్రం నిలుస్తుంది. దాన్ని స్పష్టంగా రాసుకోవడమే మేలు.

లోకానికి ఏం చెప్పాలి

ప్రకటన వాక్యాలను కూడా లేఖకు జతచేసి ఇద్దరూ సంతకం చేయాలి. ముందు ఉద్యోగులకు, అదే రోజు పెద్ద క్లినిక్‌లకు ఫోన్‌లో, బ్యాంకుకు రాతలో, ఆ తర్వాతే సోషల్ మీడియాలో. డాక్టరుగారికి కావాల్సింది కారణం కాదు, యాప్ చెడిపోతే రేపు ఎవరికి ఫోన్ చేయాలన్నది. నాలుగు వాక్యాలు చాలు: ‘ఆమె ఫలానా తేదీన డైరెక్టరు బాధ్యత నుంచి తప్పుకున్నారు. సహవ్యవస్థాపకురాలిగా, వాటాదారుగా కొనసాగుతారు. సాంకేతిక పనులు ఇకపై ఫలానా వారు చూస్తారు. సహాయం కోసం ఈ నంబరుకు ఫోన్ చేయండి.’ ఆ తేదీ రిజిస్ట్రార్ రికార్డులోని తేదీతో సరిపోవాలి. డైరెక్టర్ల వివరాలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలరు.

‘సహవ్యవస్థాపకురాలు’ అన్న పేరు కూడా లేఖలో తేల్చాల్సిందే. ఫేస్‌బుక్ మొదటి రోజుల్లో ఎడ్వర్డో సావరిన్ వాటా తగ్గించడంపై వ్యాజ్యం నడిచింది. రాజీ కుదిరాక సహవ్యవస్థాపకుల్లో ఆయన పేరు మళ్లీ చేరింది. పదవి పోతుంది గానీ, కంపెనీ ఎవరు మొదలుపెట్టారన్న చరిత్ర మారదు. ఆ పేరు వాడుకోవచ్చని, కంపెనీ తరఫున మాట్లాడరాదని ఒక్క వాక్యం రాస్తే తర్వాత గొడవ రాదు.

సంతకాల రోజున కాగితాలన్నీ ఒకే బల్ల మీద ఉండాలి. రాజీనామా, బదిలీ ఫారం, హక్కుల పత్రం ఆమె ఇస్తుంది. చెక్కు, తనను పాత బాధ్యతల నుంచి విడుదల చేసే కంపెనీ లేఖ ఆమె తీసుకుంటుంది. ఏదో ఒకటి ‘తర్వాత చూద్దాం’ అని మిగిలితే, సంతకాలన్నింటినీ ఆ ఒక్కటి సిద్ధమయ్యేదాకా వాయిదా వేయాలి. ముప్ఫై రోజులు గడిచాక డైరెక్టర్ల జాబితాలో తన పేరు తొలగిందో లేదో ఆమె, సభ్యుల రిజిస్టరులో కొత్త అంకెలు ఎక్కాయో లేదో, క్లౌడ్ ఖాతా తన ఫోన్‌తో తెరుచుకుంటుందో లేదో అతను స్వయంగా చూసుకోవాలి.